రాత్రి ఫొటోలో పగటి మనిషి

పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లకి ఈ కోరిక కొత్త కాదు. "గ్రూప్ ఫొటోలో మా చిన్నవాడు లేడు బాబూ. వీసా పని తెమలక రాలేకపోయాడు. వాడి ఫొటో పంపిస్తాం, వాళ్లన్నయ్య పక్కన నిలబెట్టండి." పంపే ఫొటో డల్లాస్‌లో ఏ అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో మిట్టమధ్యాహ్నం ఫోన్‌తో తీసింది. గ్రూప్ ఫొటో మాత్రం అప్పగింతలయ్యాక, తెల్లవారుజామున మూడింటికి, ఇంటిముందు షామియానా కింద, పసుపు బల్బుల వెలుగులో తీసింది. ఎడిటర్ కుర్రాణ్ని జాగ్రత్తగా కట్ చేస్తాడు. ఎత్తు సరిచూస్తాడు, రంగుని పసుపు వైపు తిప్పుతాడు, కాళ్ల కింద నీడ వేస్తాడు. లెక్కప్రకారం అన్నీ సరిపోయాయి. అయినా తల్లి చూసి, "అంతా బాగుంది గానీ, వీడొక్కడే ఎందుకో వేరేగా ఉన్నాడు" అంటుంది. ఎక్కడ వేరేగా ఉన్నాడని అడిగితే ఆమె చెప్పలేదు.

ఆమె కన్ను తప్పు పట్టలేదు. తేడా కుర్రాడి ముఖంలోనో బట్టల్లోనో లేదు, వాటి మీద ఉండాల్సిన గరుకులో ఉంది. మిగతా ఎనిమిదిమంది మీదా సన్నటి ఇసుక చల్లినట్టు గ్రెయిన్ ఉంది, వాళ్ల అంచులు కొంచెం మెత్తబడి ఉన్నాయి. కుర్రాడి మీద గ్రెయిన్ లేదు, అంచులు పదునుగా ఉన్నాయి. అంటే అతను మిగతావాళ్ల కంటే బాగా వచ్చాడు. చిక్కంతా అదే. ఈ పనిలో ఎడిటర్ చేయాల్సింది అతికించిన బొమ్మని బాగుచేయడం కాదు, పక్కవాళ్లు ఎంత పాడయ్యారో కొలిచి, సరిగ్గా అంతే పాడుచేయడం. కంటికి తోచినంత పాడుచేస్తే చాలామందికి కుదరదు. కొలవడానికి మార్గాలున్నాయి, అవి కష్టమైనవీ కావు.

గ్రెయిన్ ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే పని సగం తేలిక. వెలుగు ధారలా కాకుండా ఫోటాన్లనే విడివిడి రేణువులుగా వచ్చి సెన్సర్ మీద పడుతుంది. ఒక పిక్సెల్ మీద సగటున 10,000 ఫోటాన్లు పడే చోట, ఒక్కోసారి ఓ వంద ఎక్కువ, ఒక్కోసారి ఓ వంద తక్కువ పడతాయి. అంటే 1 శాతం తేడా, కంటికి ఆనదు. వెలుగు తగ్గి సగటున 100 మాత్రమే పడితే ఆ తేడా 10 అవుతుంది. అంటే 10 శాతం. ఒకే గోడ మీద పక్కపక్క పిక్సెళ్లు ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా కనిపించడానికి అది చాలు. ఐఎస్ఓ 6400కి పెంచినప్పుడు కెమెరా కొత్త వెలుగుని తేదు, ఉన్న కొద్దిపాటి లెక్కనే గుణించి చూపిస్తుంది. దాంతోపాటు తేడానీ గుణిస్తుంది. అందుకే ఒకే ఫొటోలో కూడా గ్రెయిన్ అంతటా ఒకేలా ఉండదు. తెల్లచొక్కా మీద తక్కువ, బుగ్గ మీద ఒక మోస్తరు, నీడలో ఉన్న కోటు మీద బాగా ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందుముందు అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి రంగుది. మన కెమెరాల్లో చాలావాటి సెన్సర్ మీద గళ్లుగళ్లుగా రంగు ఫిల్టర్లుంటాయి. కొడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుమీద 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒక్కో పిక్సెల్‌కి తన రంగు తప్ప మిగతా రెండూ తెలియవు, పక్క పిక్సెళ్లని చూసి ఊహించుకుంటుంది. కాబట్టి ఒక గడిలో వచ్చిన తప్పు పక్క గళ్లకీ అంటుకుంటుంది. డిజిటల్ గ్రెయిన్ ఒక్క పిక్సెల్ చుక్కలా కాకుండా రెండుమూడు పిక్సెళ్ల గడ్డలా కనిపించేది అందుకే. ఇక పసుపు బల్బు వెలుగులో నీలం చాలా తక్కువ. తెల్లచొక్కాని తెల్లగా చూపించడానికి కెమెరా ఆ కొద్ది నీలాన్నే బాగా పెంచుతుంది, దాంతో నీలం ఛానెల్ మొత్తం చుక్కలమయం అవుతుంది. షామియానా కింద తీసిన ఫొటోల్లో నీడలో ఊదారంగు మచ్చలు కనిపించేది ఇందువల్లే.

పాత సినిమాలు చూసేవాళ్లు ఇదే వ్యవహారాన్ని ఇంకో రూపంలో గమనించి ఉంటారు. ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యంలో కలిసే చోట బొమ్మ ఉన్నట్టుండి గరుకుగా మారుతుంది. ఫిలిం రోజుల్లో అలాంటి ముక్కని ఆప్టికల్ ప్రింటర్ మీద మళ్లీ కాపీ తీసేవారు, కాపీ తీసిన ప్రతిసారీ అసలు గ్రెయిన్ మీద కొత్త గ్రెయిన్ చేరేది. 1977 నాటి 'స్టార్ వార్స్' ట్రిక్ షాట్లను విస్టావిజన్ అనే పెద్ద నెగెటివ్ మీద తీసింది కూడా ఈ గరుకుని తగ్గించుకోవడానికే. సినిమావాళ్లకి అప్పట్నుంచీ ఉన్న తలనొప్పే ఇప్పుడు మన ఆల్బమ్ డిజైనర్ల టేబుల్ మీదకొచ్చింది.

ఇక మన కుర్రాడి పని చూద్దాం. ఉదాహరణకి గ్రూప్ ఫొటో 6000 × 4000 పిక్సెళ్లది, ఐఎస్ఓ 6400, సెకనులో 60వ వంతు షట్టర్. అందులో ఒక్కో ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా 260 పిక్సెళ్లుంది. బాల్కనీ ఫొటోలో కుర్రాడి ముఖం 900 పిక్సెళ్లుంది. నేను చెప్పేది Photoshopలో చేసే తీరు. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి మెనూల పేర్లు మారతాయే తప్ప పని మారదు.

కుర్రాణ్ని ముట్టుకోకముందే గ్రూప్ ఫొటో మీద ఒక పని చేయాలి. Camera Raw Filter తెరిచి, అందులో రంగు నాయిస్ తగ్గించే Color Noise Reduction స్లైడర్‌ని 25 దాకా జరిపి, ఊదా మచ్చలు పోయేంతవరకే ఉంచాలి. వెలుగు నాయిస్ స్లైడర్‌ని కదపకూడదు. కారణం ఏమిటంటే, నలుపు తెలుపు గ్రెయిన్‌ని అనుకరించడం సులువు, పెద్ద పెద్ద రంగు మచ్చల్ని అనుకరించడం కష్టం. కష్టమైనదాన్ని మొదటే తీసేస్తే తర్వాత ఒకే రకం గ్రెయిన్‌తో సరిపెట్టుకోవచ్చు. చాలామంది ఎడిటర్లు ఈ అడుగు దాటేసి, రంగు చుక్కలు కలిపి కలిపి అవస్థపడతారు.

తర్వాత సైజు. 900 పిక్సెళ్ల ముఖం 260కి రావాలంటే దాదాపు 29 శాతానికి కుదించాలి. ఇక్కడే అసలు గొడవ మొదలవుతుంది. అలా కుదించినప్పుడు పాత ఫొటోలోని సుమారు పన్నెండు పిక్సెళ్లు కలిసి ఒక్కటవుతాయి. పన్నెండు తేడాలు ఒకదానికొకటి సర్దుకుపోవడంతో, అందులో గ్రెయిన్ ఏమైనా ఉన్నా మూడోవంతు కంటే తక్కువకి పడిపోతుంది. కనురెప్పలూ చొక్కా నేతా అన్నీ దగ్గరికి నొక్కుకుని అంచులు ఇంకా పదునెక్కుతాయి. అంటే చీకట్లో తీసిన గరుకు ఫొటోలోంచి మనిషిని తెచ్చినా, చిన్నది చేసేసరికి శుభ్రంగా తేలతాడు. కాబట్టి సైజు, ఎత్తు, వాలు అన్నీ ముందే ఖాయం చేసుకోవాలి. వెలుగూ రంగూ సరిచేయడం కూడా ఇప్పుడే. గ్రెయిన్ వేశాక సైజు మార్చినా, కాంట్రాస్ట్ పెంచినా ఆ గ్రెయిన్ మారిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు పదును. దీన్ని కంటితో అంచనా వేయకుండా లెక్కపెట్టొచ్చు. అన్నయ్య తెల్లచొక్కా కాలరు వెనకాల చీకటి ఉంది కదా, అక్కడ 800 శాతం జూమ్ చేసి చూడండి. తెలుపు నుంచి నలుపుకి వెళ్లడానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయి? మన ఫొటోలో 5 అనుకుందాం. కుదించిన కుర్రాడి కాలరు దగ్గర అదే లెక్క చేస్తే 2 వచ్చింది. అంటే అతని అంచు అన్నయ్య అంచు కంటే రెండున్నర రెట్లు పదును. కొలిచేటప్పుడు కుర్రాడు నిలబడబోయే వరసలోని మనిషినే కొలవాలి. ముందు వరసలో కూర్చున్న తాతయ్య మీద ఫోకస్ ఉండి, వెనక వరస మెత్తబడి ఉండొచ్చు. తాతయ్య కాలరు కొలిచి మనవడికి అప్పజెప్తే మళ్లీ తేడానే.

2ని 5 చేయాలంటే 3 పిక్సెళ్ల బ్లర్ కలిపితే సరిపోతుందని అనిపిస్తుంది, కానీ బ్లర్లు అలా కూడవు. వాటి వర్గాలు కూడతాయి. 5 వర్గం 25, 2 వర్గం 4, తీసేస్తే 21, దాని వర్గమూలం సుమారు 4.6. అంత వెడల్పు అంచు రావడానికి Gaussian Blurలో Radius 1.8 దగ్గర పెట్టాలి. నేనైతే 1.5తో మొదలుపెట్టి, కాలరు దగ్గర మళ్లీ లెక్కపెట్టి, కొంచెం కొంచెం పెంచమంటాను. లేయర్‌ని ముందే Smart Object చేసుకుంటే ఈ సంఖ్యని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. బ్లర్‌తో పాటు మాస్క్ అంచునీ చూసుకోవాలి. ముఖాన్ని మెత్తబరిచి మాస్క్‌ని బ్లేడుతో కోసినట్టు వదిలేస్తే లోపల మెత్తన, అంచున పదును మిగులుతుంది. అదే అసలు అతుకులా కనిపించేది. మాస్క్ మీద Feather కూడా బ్లర్‌తో సమానంగా, ఒకటిన్నర రెండు పిక్సెళ్ల దాకా ఉండాలి.

చీకటి ఫొటోల్లో మెత్తదనం అంతా ఫోకస్ వల్లే రాదు, చెయ్యి వణకడం వల్ల కూడా వస్తుంది. అది కనిపెట్టడానికి వెనకాల సీరియల్ బల్బులుంటే చూడండి. బల్బు గుండ్రటి చుక్కలా ఉంటే చెయ్యి కదల్లేదు. ఐమూలగా సాగిన చిన్న గీతలా ఉంటే షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరా ఏ దారిన కదిలిందో ఆ గీతే చెబుతోంది. అప్పుడు Gaussian Blur కొంచెం తగ్గించి, Motion Blurలో Angle ఆ గీత వాలుకీ, Distance ఆ గీత పొడవుకీ పెట్టాలి. మూడునాలుగు పిక్సెళ్ల గీత అయినా సరే వదలకూడదు. ఎనిమిది జతల కళ్లూ ఒక వైపుకి సాగి, తొమ్మిదో జత మాత్రం గుండ్రంగా మెరుస్తుంటే చూసేవాళ్లకి పేరు తెలియని ఇబ్బంది కలుగుతుంది.

అందరికంటే చివర గ్రెయిన్. ముందు ఎంత కావాలో కొలుద్దాం. Histogram ప్యానెల్ తెరిచి, మూలనున్న మెనూలోంచి Expanded View ఎంచుకుంటే కింద Std Dev అని ఒక సంఖ్య కనిపిస్తుంది. సెలెక్ట్ చేసిన చోట పిక్సెళ్లు సగటు నుంచి ఎంత అటూ ఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య అది. Channel దగ్గర Luminosity పెట్టుకోవాలి. అన్నయ్య నుదుటి మీద, నీడలూ ముడతలూ బొట్టూ లేని చోట, 30 పిక్సెళ్ల చిన్న చదరం సెలెక్ట్ చేసి చదవండి. ఉదాహరణకి 7 వచ్చింది. తెల్లచొక్కా మీద 4, నీడలోని కోటు మీద 9. జుట్టులోని పూర్తి నలుపులో మళ్లీ 4కి తగ్గుతుంది, ఎందుకంటే అంత నలుపుని కెమెరా ఎలాగూ అణిచేస్తుంది.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. మొదటిది, సెలెక్ట్ చేసిన చోట వెలుగు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తగ్గుతూ ఉంటే ఆ వాలు కూడా Std Devలో కలిసి సంఖ్య పెరుగుతుంది. అందుకే చదరం చిన్నదిగా, చదునైన చోట ఉండాలి. రెండోది ఇంకా గడుసుది. Photoshop పని వేగంగా జరగడానికి హిస్టోగ్రామ్‌ని ఒక్కోసారి చిన్నసైజు కాపీలోంచి లెక్కేస్తుంది. చిన్నసైజులో గ్రెయిన్ తగ్గిపోతుందని ఇందాకే అనుకున్నాం, కాబట్టి సంఖ్య తప్పుగా తక్కువొస్తుంది. ప్యానెల్ మూల ఒక చిన్న హెచ్చరిక త్రికోణం కనిపిస్తే దాన్ని నొక్కాలి, అప్పుడు అసలు పిక్సెళ్లలోంచి మళ్లీ లెక్క కడుతుంది. ఈ త్రికోణాన్ని పట్టించుకోక గంటలు వృథా చేసుకునేవాళ్లు తక్కువేం కాదు.

బ్లర్ చేశాక కుర్రాడి నుదుటి మీద 2 వచ్చిందనుకుందాం. కావాల్సింది 7. గ్రెయిన్ కూడా బ్లర్‌లాగే వర్గాల్లో కూడుతుంది. 49లోంచి 4 తీస్తే 45, దాని వర్గమూలం 6.7. అంటే ఉన్న రెండూ దాదాపు లెక్కలోకే రావు, కొత్తగా వేసే గ్రెయిన్ ఒక్కటే 6.7 ఉండాలి.

దాన్ని కుర్రాడి లేయర్ మీద నేరుగా వేయడం కంటే వేరే లేయర్ మీద వేయడం మేలు. కొత్త లేయర్‌ని 50% Gray రంగుతో నింపి, Alt పట్టుకుని రెండు లేయర్ల మధ్య గీత మీద నొక్కితే అది కుర్రాడికే పరిమితమవుతుంది. మోడ్ Linear Light పెట్టాలి. చాలాచోట్ల Overlay పెట్టమని చెబుతారు, దాంతో నాకు పేచీ ఉంది. Overlayలో గ్రెయిన్ బలం కింద ఉన్న రంగుతో పాటు తగ్గుతుంది, నల్లటి చోట దాదాపు మాయమవుతుంది. రాత్రి ఫొటోలో గ్రెయిన్ ఎక్కువ కావాల్సింది నీడల్లోనే కదా. Linear Light అయితే నలుపు తెలుపు తేడా లేకుండా సమానంగా వేస్తుంది. మనకి ఎక్కడ తగ్గాలో అక్కడ మనమే తగ్గించుకోవచ్చు. బూడిదరంగు లేయర్ మీద ఎంత తేడా ఉందో ఫొటో మీద దానికి రెట్టింపు పడుతుంది కాబట్టి చెయ్యి తేలిగ్గా ఉంచాలి.

ఇప్పుడు Filter మెనూలో Add Noise, అందులో Gaussian, Monochromatic రెండూ ఎంచుకుని గ్రెయిన్ వేయాలి. వేసినవెంటనే చూస్తే పక్కవాళ్ల గ్రెయిన్‌తో కలవదు. ఈ చుక్కలు ఒక్కొక్క పిక్సెల్‌వి, కరుగ్గా ఉంటాయి. వాళ్లవి రెండుమూడు పిక్సెళ్ల గడ్డలు. ఆ బూడిద లేయర్‌కి 0.6 దాకా Gaussian Blur వేస్తే చుక్కలు ఒకదానితో ఒకటి అంటుకుని గడ్డ కడతాయి. 400 శాతం జూమ్‌లో అన్నయ్య నుదురూ తమ్ముడి నుదురూ పక్కపక్కన చూస్తూ ఈ సంఖ్యని 0.4 నుంచి 0.8 దాకా జరిపితే ఎక్కడో ఒకచోట సైజు కలుస్తుంది. అయితే 0.6 బ్లర్ గ్రెయిన్ బలాన్ని దాదాపు సగానికి తగ్గించేస్తుంది. అందుకే మొదట కావాల్సినదానికి రెట్టింపు వేసి, బ్లర్ చేసి, ఆఖర్న Opacity తగ్గిస్తూ Histogramలో Source దగ్గర Entire Image పెట్టుకుని, కుర్రాడి నుదుటి మీద సంఖ్య 7కి వచ్చేదాకా సర్దుకోవాలి. బలం, గడ్డ సైజు రెండూ కలవాలి. సంఖ్య కలిసి గడ్డ కలవకపోతే ముఖం మీద రవ్వ చల్లినట్టుంటుంది, గడ్డ కలిసి సంఖ్య కలవకపోతే ఒక మనిషి ఒక కెమెరాతో, పక్కమనిషి ఇంకో కెమెరాతో తీసినట్టుంటారు.

నుదురు కలిసింది. ఇక తెల్లచొక్కా దగ్గర 7 ఉంటే ఎక్కువ, అక్కడ 4 చాలు. లేయర్ మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే Blend If దగ్గర Underlying Layer కింద తెల్లటి త్రికోణం ఉంటుంది. Alt పట్టుకుని దాన్ని రెండు ముక్కలుగా విడదీసి, ఎడమ ముక్కని 140 దాకా జరిపితే, అక్కణ్నుంచి తెలుపు వైపు వెళ్లేకొద్దీ గ్రెయిన్ మెల్లగా పలచబడుతుంది. కుర్రాడు ముదురు కోటు వేసుకుని ఉంటే, కోటు మీద మాత్రం ఇంకో గ్రెయిన్ లేయర్‌ని మాస్క్‌తో కొద్దిగా కలిపి 9కి తేవాలి. ఈ మూడు చోట్లూ కలిస్తే మిగతాది వాటంతటదే కలుస్తుంది.

ఇంత చేశాక కూడా ఒక్కోసారి మనిషి చుట్టూ సన్నటి నున్నటి గీత కనిపిస్తుంది. అది ఎందుకొస్తుందో కొత్తవాళ్లకి అంతుపట్టదు, మళ్లీ కటింగ్‌నే అనుమానిస్తారు. దోషం కటింగ్‌ది కాదు. మెత్తటి మాస్క్ అంచులో కుర్రాడు సగం, వెనకున్న చీకటి సగం కలుస్తాయి. రెండింటి గ్రెయిన్ కూడా సగం సగం అవుతుంది. ఆ రెండు సగాలూ వర్గాల్లో కూడితే మొత్తం రాదు, సుమారు 70 శాతమే వస్తుంది. అంచు పొడవునా గ్రెయిన్ ముప్పై శాతం తగ్గి నున్నగా కనిపిస్తుందన్న మాట. మందు సులువే. కుర్రాడికి పరిమితం కాని మరో బూడిద గ్రెయిన్ లేయర్ పైన పెట్టి, దాని మాస్క్ మొత్తం నలుపు చేసి, అంచు వెంట మూడునాలుగు పిక్సెళ్ల బ్రష్‌తో తక్కువ ఒత్తిడితో తెలుపు పూయాలి.

కాళ్ల కింద వేసిన నీడా ఇలాంటిదే. Multiplyలో నీడ పూస్తే నేల నల్లబడుతుంది, దాంతోపాటే నేల మీది గ్రెయిన్ కూడా అణిగిపోతుంది. నిజం నీడలో వెలుగు తక్కువ కాబట్టి గ్రెయిన్ ఎక్కువుండాలి. పక్కన నిలబడ్డ అన్నయ్య నీడలో Std Dev చూసి, పూసిన నీడలోకి అంత గ్రెయిన్ చేర్చాలి. క్లోన్ చేసి చెరిపేసిన చోట్లూ, కండువా మడతని సాగదీసిన చోట్లూ ఇదే లెక్క.

ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫొటో అయితే కథ కొంత మారుతుంది. ఇప్పటి ఫోన్లు నైట్ మోడ్‌లో వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపేస్తాయి. ముఖాలు గుర్తుపట్టి వాటిని పదునుపెడతాయి, గోడల్నీ ఆకాశాన్నీ మైనం పూసినట్టు నున్నగా తుడిచేస్తాయి. అక్కడ గోడని కొలిచి ముఖానికి గ్రెయిన్ వేస్తే దెబ్బతింటారు. ముఖానికి ముఖం, బట్టకి బట్ట కొలవాలి. ఈ ఫోన్ గ్రెయిన్ Add Noise ఇచ్చే గ్రెయిన్‌లా ఉండదు, పురుగులు పాకినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. అలాంటప్పుడు అదే ఫొటోలోంచి గ్రెయిన్ అరువు తెచ్చుకోవడం మంచిది. గ్రూప్ ఫొటోకి రెండు కాపీలు తీసి, కింది కాపీకి 8 పిక్సెళ్ల Gaussian Blur వేయాలి. పై కాపీ మీద Image మెనూలో Apply Image తెరిచి ఇలా పెట్టాలి:

```
Layer: (బ్లర్ చేసిన కాపీ)
Channel: RGB
Blending: Subtract
Scale: 2
Offset: 128
```

మిగిలేది బూడిదరంగు మీద ఆ ఫొటో తాలూకు అసలు గ్రెయిన్. నీడలోని ఓ చదునైన ముక్క, ఉదాహరణకి షామియానా గుడ్డ మీద గీతల్లేని చోట, కోసుకొచ్చి కుర్రాడి మీద Linear Lightలో పరచాలి. ముక్క చిన్నదైతే తిప్పి, అద్దంలో చూసినట్టు మార్చి పక్కపక్కన పేర్చాలి. ఒకే ముక్కని అలాగే రెండుసార్లు పెడితే ఆ వరసని కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఆ ముక్క గ్రెయిన్, ముఖం గ్రెయిన్ ఒకే బలంతో ఉండకపోవచ్చు కాబట్టి Opacity సర్ది మళ్లీ Std Dev చూసుకోవాలి. ఇదంతా అసలు ఫైల్ చేతిలో ఉంటేనే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదింపులో గ్రెయిన్ కరిగిపోయి ఎనిమిది పిక్సెళ్ల గళ్లు మిగులుతాయి. డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పుకోవాలి.

సరిచూసుకోవడానికి 100 శాతం జూమ్ వాడాలి. 33 లోనో 66 లోనో చూస్తే స్క్రీన్ తనే పిక్సెళ్లని కలిపేసి అబద్ధం చెబుతుంది. అన్ని లేయర్లకీ పైన ఒక Curves లేయర్ పెట్టి, గీతని బాగా నిట్టనిలువుగా లాగితే ఫొటో అసహ్యంగా తయారవుతుంది గానీ గ్రెయిన్ తేడాలు మాత్రం కొట్టొచ్చినట్టు బయటపడతాయి. చూసుకుని ఆ లేయర్ తీసేయాలి. తర్వాత Ctrl+5 నొక్కి నీలం ఛానెల్ ఒక్కటీ చూడాలి. బాల్కనీ ఎండలోని నీలం శుభ్రంగా ఉంటుంది, షామియానా కింది నీలం గందరగోళంగా ఉంటుంది కాబట్టి, మొదట రంగు నాయిస్ తగ్గించినా ఏదో కొంత తేడా అక్కడ మిగిలే ఉంటుంది. కనిపిస్తే గ్రెయిన్ లేయర్‌లో Channels ప్యానెల్‌కి వెళ్లి, Blue ఒక్కదాన్నే ఎంచుకుని మరికొంచెం Add Noise వేసి, దానికీ అదే బ్లర్ ఇవ్వాలి. Ctrl+2 నొక్కితే మామూలు చూపు వస్తుంది.

ప్రింటు ఎంత సైజులో వేస్తారన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. 4 × 6 అంగుళాల ప్రింటుకి ఈ శ్రమలో సగం కనపడదు, కుదింపులో గ్రెయిన్ మొత్తం సమసిపోతుంది. అయితే అంచుల పదును తేడా మాత్రం కొంతవరకు మిగులుతుంది కాబట్టి బ్లర్ దగ్గర తొందరపడకూడదు. 12 × 18 ఆల్బమ్ షీట్ మీద, అందులోనూ రెండు పేజీల నిండా పరిచే గ్రూప్ ఫొటో మీద ప్రతి లెక్కా కనిపిస్తుంది. ల్యాబ్‌కి పంపేముందు మొత్తం ఫొటోకి చాలామంది అలవాటుగా షార్పెన్ వేస్తారు. ఆ పని ఈ ఫొటోకి వద్దు. షార్పెన్ ఫిల్టర్ అసలు గ్రెయిన్‌నీ మనం వేసిన గ్రెయిన్‌నీ వేర్వేరుగా పెంచుతుంది, కొలిచి కలిపినదంతా మళ్లీ విడిపోతుంది. వేయక తప్పదంటే మొత్తం లేయర్లని ఒక్కటి చేసి, Unsharp Maskలో Threshold 8 పైన పెట్టి, ఒక్కసారి వేసి, నుదుళ్లు మళ్లీ కొలిచి, JPEGగా ఒక్కసారే సేవ్ చేయాలి.